కూతకు ముందు ఏ స్ట్రెచింగ్, ఆట అయ్యాక ఏది?

సాయంత్రం స్కూలు గ్రౌండులో కబడ్డీ ప్రాక్టీసు ఎలా మొదలవుతుందో చాలామంది చూసే ఉంటారు. పిల్లలు గుండ్రంగా నిలబడతారు. వంగి కాలి బొటనవేళ్లు పట్టుకుంటారు. పీఈటీ సారు ఇరవై, ముప్పై అంకెలు లెక్కపెడతారు. అలా నాలుగైదు భంగిమలు కాగానే కూత మొదలు. ఒళ్లు ఇంకా వేడెక్కకుండానే కండరాలను లాగి పట్టి, వెంటనే మెరుపు వేగంతో కదలమంటున్నాం. ఈ వరస మారాలి.

కండరాన్ని సాగదీసి కాసేపు అక్కడే పట్టి ఉంచితే అది స్టాటిక్ స్ట్రెచింగ్. కాలిని ముందుకూ వెనక్కూ ఊపడం, పెద్ద పెద్ద అంగలు వేస్తూ మోకాలు వంచి నడవడం లాంటివి డైనమిక్. ఇందులో కీలు కదలగలిగినంత మేర కదులుతుంది, కానీ ఎక్కడా ఆగదు.

ఈ రెండింటి మీదా వచ్చిన అధ్యయనాలను కెనడాకు చెందిన డేవిడ్ బెమ్ బృందం 2016లో ఒకచోట చేర్చి పరిశీలించింది. ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు, అంతకు మించి పట్టి ఉంచితే, ఆ వెంటనే బలం, ఎగురుడు, వేగం సగటున 4.6 శాతం తగ్గాయి. 60 సెకన్లలోపు అయితే తగ్గింది 1.1 శాతమే. డైనమిక్ తర్వాత 1.3 శాతం పెరిగింది. నిలబడిన చోటినుంచి 50 సెంటీమీటర్లు ఎగరగల పిల్లవాడికి 4.6 శాతమంటే రెండు సెంటీమీటర్ల పైమాటే. డిఫెండర్ చేతికి చిక్కడానికీ తప్పించుకోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతే ఉంటుంది.

అలాగని స్టాటిక్‌ను వెలివేయనక్కర్లేదు. ఆ పరీక్షల్లో చాలావరకు స్ట్రెచింగ్ ముగిసిన కొద్ది నిమిషాల్లోనే, మధ్యలో వేరే వార్మప్ లేకుండా చేసినవి. 2018లో ఆంథొనీ బ్లాజెవిచ్ బృందం కొద్దిసేపు స్టాటిక్ చేయించి, ఆ తర్వాత ఆటకు తగ్గ పూర్తి వార్మప్ కూడా చేయించి చూసింది. ఆటతీరులో ఏ నష్టమూ కనిపించలేదు. అందుకే పట్టి ఉంచే సమయం, ఆ తర్వాత చేసే పని, ఈ రెండే అసలు లెక్క అని నా అభిప్రాయం.

గాయాలు తగ్గుతాయన్న ఆశ మాత్రం పెద్దగా నిలవలేదు. ఆస్ట్రేలియా సైన్యంలో 1,538 మంది కొత్త సైనికుల మీద చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. వ్యాయామానికి ముందు స్టాటిక్ స్ట్రెచింగ్ చేసినవారికీ చేయనివారికీ కాళ్ల గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మర్నాటి ఒళ్లు నొప్పులకూ దీనివల్ల దక్కే ఉపశమనం నామమాత్రమే.

ఇక గంటసేపు సాగే కబడ్డీ ప్రాక్టీసునే తీసుకుందాం. మొదటి అయిదు నిమిషాలు కోర్టు చుట్టూ నెమ్మదిగా పరుగు, పక్క అడుగులు, వెనక నడక. సన్నగా చెమట పట్టాక ఏడెనిమిది నిమిషాలు డైనమిక్. గోడ పట్టుకుని ఒక్కో కాలినీ ముందుకూ వెనక్కూ పదిసార్లు, పక్కలకు పదిసార్లు ఊపాలి. మొదటి ఊపులు చిన్నవిగా ఉండాలి, ఎత్తు క్రమంగా పెంచాలి. ఇక్కడ కోచ్ కన్ను నడుము మీద ఉండాలి. కాలు లేచినప్పుడల్లా నడుము గూనిలా వంగుతున్నా, నిలబడిన కాలి మోకాలు ముడుచుకుంటున్నా ఆ కదలిక తుంటి నుంచి రావడం లేదన్నమాట. ఎత్తు తగ్గించమనాలి. చివరి మూడు నిమిషాలు సగం వేగంతో కూత అడుగులు, గిర్రున తిరగడం, ఆపైన రెండు మూడుసార్లు పూర్తి వేగం.

ఎవరికైనా గజ్జల్లో బాగా బిగుతుగా ఉంటే, నెమ్మది పరుగు అయ్యాక ఒక్కో వైపు 15, 20 సెకన్లు పట్టి ఉంచనివ్వండి. ఆ వెంటనే కాలి ఊపుల్లోకి పంపండి.

స్టాటిక్‌కు అసలు చోటు ఆట అయ్యాకే. టో టచ్‌కు కాలు దూరం చాచాల్సిన రైడర్‌కు గజ్జలు, తొడ వెనక కండరాలు సాగాలి. ఒక్కోదాన్ని 30 సెకన్ల చొప్పున రెండుసార్లు, వారానికి కనీసం మూడు రోజులు చేయించాలి. లాగుతున్నట్టు అనిపించాలి, ఊపిరి మామూలుగా ఆడాలి. పిరుదు కింద ఎముక దగ్గర సూటిగా పొడిచినట్టున్నా, కాల్లో జిల్లుమన్నా వెంటనే ఆపించాలి. ఫలితం రోజుల్లో రాదు, వారాలు పడుతుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి వేలు ఎంత దూరం చాచగలిగాడో నేల మీద సుద్దతో గీసి కొలుచుకుని, నెలకోసారి పోల్చి చూస్తే సరిపోతుంది.

బెంచీ మీద కూర్చున్న పిల్లల సంగతి మన కోచ్‌లు తరచూ మరిచిపోతారు. పావుగంట కదలకుండా కూర్చుంటే వార్మప్‌తో వచ్చిన వేడి చాలావరకు పోతుంది. వాళ్లచేత రెండు నిమిషాలు కాలి ఊపులు, నాలుగు చురుకైన అడుగులు వేయించకుండా కోర్టులోకి పంపకండి.