‘పనిచేయట్లేదు’ అంటే ఏది?

భీమవరంలో ఉన్న అమ్మ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి ఫోన్ చేస్తుంది. “ఒరేయ్ నాన్నా, పొద్దుట్నుంచీ వైఫై పనిచేయట్లేదురా!” ఇలాంటి ఫోన్లు చాలా ఇళ్లకు వస్తుంటాయి. ఆ ఒక్క ముక్కతో ఎంత తెలిసినవాడైనా చేయగలిగింది తక్కువ. తప్పు వీధిలోని కేబుల్‌ది కావచ్చు, గోడకున్న పెట్టెది కావచ్చు, చేతిలోని ఫోన్‌ది కావచ్చు.

కొడుకు మొదట అడగాల్సింది ఒకటే: “టీవీలో యూట్యూబ్ వస్తోందా అమ్మా?”

“అది బాగానే వస్తోంది.”

టీవీ కూడా అదే వైఫై మీద నడుస్తోంది కాబట్టి కేబుల్, పెట్టె రెండూ బాగానే ఉన్నట్టు. కంపెనీకి ఫిర్యాదు చేయనక్కర్లేదు, తప్పు ఫోన్‌లోనే ఉంది.

ఇక రెండో ప్రశ్న: “తెర మీద ఏం రాసుంది?” ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పడం ముఖ్యం. వాట్సాప్ తెరిస్తే ఫోన్‌లో తేదీ తప్పుగా ఉందని చూపిస్తోందట. మూడోది: “నిన్నటి నుంచి ఫోన్‌లో ఏమైనా మార్చారా?” అమ్మ ఏమీ మార్చలేదు. మనవడు మాత్రం రాత్రి గేమ్ ఆడాడు. కొన్ని ఆటల్లో ప్రాణాలు అయిపోతే మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఆగలేని పిల్లలు ఫోన్ తేదీని ముందుకు జరిపేస్తారు. వీడు ఏకంగా వచ్చే ఏడాదికి జరిపాడు.

తేదీకీ ఇంటర్నెట్‌కీ సంబంధం ఏమిటంటే, ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ గడువుతేదీ ఉన్న ఒక డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది. ఫోన్ దాన్ని తన క్యాలెండర్‌తో సరిచూస్తుంది. క్యాలెండర్ ఏడాది ముందుంటే మంచి పత్రం కూడా గడువు తీరినట్టే కనిపిస్తుంది, అప్పుడు ఫోన్ ఆ సైటును నమ్మదు. మామూలు కాల్స్‌కు ఈ తనిఖీ లేదు కాబట్టే అమ్మ ఫోన్ చేయగలిగింది. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దగ్గర ఆటోమేటిక్ ఆన్ చేస్తే సరిపోయింది.

టీవీ కూడా రాకపోతే కథ వేరు. అప్పుడు ఫైబర్ పెట్టె మీది లైట్లు చూడాలి. సాధారణంగా ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతోందంటే వీధి నుంచి వెలుతురు సంకేతం అందడం లేదని అర్థం. సన్నటి ఫైబర్ తీగ మడతపడిందో, ఊడిందో, బయట తెగిందో అయి ఉంటుంది. తీగ తెగితే పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు, లైన్ మనిషి రావాల్సిందే. ఎర్ర లైటు లేకుండా నెట్ రాకపోతే మాత్రం ఒకసారి ఆపి వేసి చూడొచ్చు, రీచార్జ్ గడువు ముగిసిందేమో కూడా చూసుకోవాలి.

అందుకే ఈసారి కొడుక్కైనా, కస్టమర్ కేర్‌కైనా ఫోన్ చేసేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ పరికరం, ఇంట్లో మిగతావి పనిచేస్తున్నాయా, తెర మీద లేదా లైట్లలో ఏం కనిపిస్తోంది, చివరిసారి బాగా పనిచేశాక ఏం మారింది.