స్కాన్ నార్మల్.. నొప్పి మాత్రం నెల నెలా! ఎండోమెట్రియోసిస్ ఏళ్ల తరబడి ఎందుకు బయటపడదు? మందులు మంచిదా, సర్జరీ మంచిదా?

పీరియడ్స్ టైమ్‌లో కడుపునొప్పి రావడం మామూలే. ఒక మాత్ర వేసుకుని పనిలో పడిపోగలిగితే ఇబ్బంది లేదు. కానీ నెలకు రెండు మూడు రోజులు కాలేజీకో, ఆఫీసుకో సెలవు పెట్టి మంచం మీద ముడుచుకుని పడుకోవాల్సి వస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇలాంటి నొప్పికి ముఖ్యమైన కారణాల్లో ఎండోమెట్రియోసిస్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి 10 మంది మహిళల్లో దాదాపు ఒకరికి ఈ సమస్య ఉంది. అయినా లక్షణాలు మొదలయ్యాక జబ్బు పేరు తెలియడానికే చాలామందికి 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. అది ప్రతి నెలా మందంగా పెరిగి, పీరియడ్స్‌లో రక్తంతో పాటు బయటికి వచ్చేస్తుంది. దాదాపు అలాంటి పొరే గర్భసంచి బయట పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అండాశయాల మీద, గర్భసంచి వెనుక, పేగుల మీద, మూత్రాశయం మీద ఇది ఎక్కువగా కనిపిస్తుంది. హార్మోన్లకు ఇదీ స్పందిస్తుంది. కానీ ఇక్కడి రక్తం బయటికి పోయే దారి లేదు. దాంతో వాపు వస్తుంది, మచ్చలు కడతాయి, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చేరి సంచిలా తయారైతే దాన్నే చాక్లెట్ సిస్ట్ అంటున్నారు. లోపలి రక్తం ఆ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు.

పొర ఎక్కడ ఉందో దాన్ని బట్టి నొప్పి మారుతుంది. పేగు దగ్గర ఉంటే పీరియడ్స్ రోజుల్లో మోషన్‌కు వెళ్లేటప్పుడు కత్తితో పొడిచినట్టు ఉంటుంది. గర్భసంచి వెనుక ఉంటే భార్యాభర్తల కలయిక సమయంలో లోతుగా నొప్పి వస్తుంది. కొందరికి నడుము నుంచి తొడల దాకా లాగుతుంది. కొందరికి నొప్పే ఉండదు, పిల్లలు పుట్టకపోవడంతో చేసిన టెస్టుల్లోనే బయటపడుతుంది. ఇక్కడ గమనించాల్సింది టైమింగ్. పీరియడ్స్‌కు ఒకటి రెండు రోజుల ముందు మొదలై, ఆ రోజుల్లో పెరిగి, తర్వాత తగ్గుతూ ప్రతి నెలా ఇదే వరుసలో వస్తుంటే డాక్టర్‌కు ఆ విషయం తప్పకుండా చెప్పాలి. ఏళ్లు గడిచాక ఈ వరుస చెదిరిపోయి, మామూలు రోజుల్లో కూడా నొప్పి ఉండొచ్చు.

స్కాన్‌లో ఎందుకు కనిపించదు?

ఉదాహరణకు ఒక అమ్మాయి సంగతి చూద్దాం. 16 ఏళ్లకు తీవ్రమైన నొప్పి మొదలైంది. ఇంట్లో వాళ్లు "మాకూ ఇలాగే ఉండేది, పెళ్లయితే అదే తగ్గిపోతుందిలే" అన్నారు. 19 ఏళ్లకు స్కాన్ చేయించారు. రిపోర్ట్ నార్మల్. పీరియడ్స్‌లో మోషన్స్ అవుతున్నాయంటే గ్యాస్ మాత్రలు ఇచ్చారు. 22 ఏళ్లకు మళ్లీ స్కాన్, మళ్లీ నార్మల్. ఇక తనే ఎక్కువ చేస్తోందన్న మాట పడింది. 25కి పెళ్లయింది. రెండేళ్లయినా పిల్లలు లేరు. అప్పుడు చేసిన స్కాన్‌లో ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ కనిపించింది. గర్భసంచి, దాని వెనుక ఉన్న పేగు ఒకదానిపై ఒకటి జారకుండా అతుక్కుని ఉన్నాయి. అంటే 11 ఏళ్లు!

మొదటి రెండు స్కాన్లు తప్పా? అలా అనలేం. అవి పొట్టపైన ప్రోబ్ పెట్టి చేసే స్కాన్లు. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర ఎక్కువగా ఇదే చేస్తారు. యోని ద్వారా చేసే స్కాన్ వద్దంటారు. కానీ గర్భసంచి వెనుక లోతుగా ఉన్న మచ్చలు, అతుకులు చాలావరకు ఆ లోపలి స్కాన్‌లోనే తెలుస్తాయి, అదీ ఈ జబ్బును వెతకడం వచ్చిన వాళ్లు చేస్తేనే. అది కుదరనప్పుడు ఎమ్మారై చేయించొచ్చు. ఇక పైపైన సన్నటి చుక్కల్లా ఉండే ఎండోమెట్రియోసిస్ ఏ స్కాన్‌లోనూ సరిగ్గా కనపడదు. సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా దీన్ని తేల్చలేదు. కాబట్టి "స్కాన్ నార్మల్" అంటే "జబ్బు లేదు" అని కాదు.

ఒకప్పుడు ల్యాపరోస్కోపీ, అంటే కీహోల్ సర్జరీ చేసి కెమెరాతో చూస్తేనే నిర్ధారణ అనేవారు. ఆపరేషన్ అంటే ఎవరికైనా భయమే కదా, అదీ ఆలస్యానికి ఒక కారణం. యూరప్‌కు చెందిన నిపుణుల సంస్థ ఎష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పద్ధతి మారింది. లక్షణాలు అలాగే ఉంటే సర్జరీ దాకా ఆగకుండా మందులు మొదలుపెట్టొచ్చు. స్కాన్‌లో ఏమీ లేకపోయినా, మందులు పనిచేయకపోయినా అప్పుడు ల్యాపరోస్కోపీ గురించి ఆలోచిస్తారు.

మందులా? సర్జరీనా?

ఈ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఇప్పుడు కావాల్సింది నొప్పి తగ్గడమా, పిల్లలా? ఎందుకంటే ఇక్కడ వాడే హార్మోన్ మందులు చాలావరకు అండం విడుదలను ఆపేస్తాయి. అంటే ఈ మందులు వాడుతున్నన్నాళ్లూ గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ముందు ఇవి వాడితే తర్వాత పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందన్నదీ నిజం కాదు.

నొప్పే సమస్య అయితే మాత్రం ఇవి బాగానే పనిచేస్తాయి. మామూలు గర్భనిరోధక మాత్రలు, రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్, గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఐయూడీ ఎక్కువగా ఇస్తున్నారు. డైనోజెస్ట్‌తో మొదటి నెలల్లో మధ్యమధ్యలో రక్తం కనిపించడం సాధారణం. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. కొందరికి మూడ్ బాగా పడిపోతుంది, అలా అయితే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. నెలకోసారి ఇచ్చే లూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు ఇంకా గట్టివే కానీ ఎముకలు బలహీనపడతాయి. అన్ని మందులకూ ఒకే పరిమితి ఉంది. జబ్బును అణచి ఉంచుతాయి తప్ప ఉన్న సిస్ట్‌ను, అతుకులను పూర్తిగా తీసేయలేవు. ఆపితే నొప్పి తిరిగి రావొచ్చు.

సర్జరీలో కనిపించిన మచ్చలను తీసేస్తారు, అతుకులు విడదీస్తారు. మందులకు లొంగని నొప్పికి, పేగుకో మూత్రనాళానికో అడ్డు పడుతున్న కేసులకు ఇదే దారి. అయితే సిస్ట్ గోడను ఒలిచేటప్పుడు దాంతోపాటు ఆరోగ్యంగా ఉన్న అండాలు కూడా కొన్ని పోతాయి. సర్జరీ తర్వాత హార్మోన్ మందులు వాడకపోతే రెండేళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి, ఐదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తోంది. అందుకే వెంటనే పిల్లలు వద్దనుకునే వాళ్లకు ఆపరేషన్ అయ్యాక కూడా మందులు ఇస్తారు. ఒకటి చేస్తే ఇంకోటి అక్కర్లేదు అనుకోవడం పొరపాటు.

పైన చెప్పిన 27 ఏళ్ల అమ్మాయి విషయానికొస్తే, ఆమెకు కావాల్సింది పిల్లలు కాబట్టి హార్మోన్ మాత్రలు ఇప్పుడు పనికిరావు. ముందు ఏఎంహెచ్ టెస్ట్ చేసి అండాల నిల్వ చూస్తారు. భర్తకు వీర్యపరీక్ష చేస్తారు. నిల్వ బాగుండి, నొప్పి ఎక్కువగా ఉంటే సర్జరీ చేసి సహజంగా ప్రయత్నించమంటారు. నిల్వ ఇప్పటికే తక్కువగా ఉంటే సిస్ట్‌ను కదపకుండా నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లడమే మేలు కావొచ్చు. ఐవీఎఫ్ ముందు సిస్ట్ తీసేస్తే బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని తేలలేదు.

ఇక గర్భసంచి తీసేయడం. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట త్వరగానే వినిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చుట్టుపక్కల ఉంటే, ఏపీలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. కానీ ఈ జబ్బు ఉండేదే గర్భసంచి బయట. బయటి మచ్చలు తీయకుండా గర్భసంచి ఒక్కటే తీసేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే మెనోపాజ్ వచ్చి ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎవరైనా ఈ ఆపరేషన్ చెబితే సంతకం పెట్టే ముందు డాక్టర్‌ను మూడు విషయాలు అడగాలి. బయట ఉన్న మచ్చలు కూడా తీస్తారా? అండాశయాలు ఉంచుతారా? ఆపరేషన్ తర్వాత ఏ మందు, ఎన్నాళ్లు వాడాలి?