టీ గీ, కాఫీ గీఫీ

ఇంటికొచ్చిన మనిషిని "టీ తాగుతారా?" అని అడగడం ఒకటి, "టీ గీ తాగుతారా?" అని అడగడం ఇంకొకటి. మొదటిదానికి తాగుతాననో వద్దనో చెప్పాలి. రెండోదానికి "టీ వద్దు గానీ, కాసిని మజ్జిగ ఉంటే ఇవ్వమ్మా" అని కూడా అనొచ్చు, అడిగినావిడ ఏమీ అనుకోదు. ఎందుకంటే ఆవిడ అడిగింది టీ ఒక్కదాని గురించే కాదు. అలాగే వచ్చినాయన "టీ గీ ఏం వద్దమ్మా, ఇప్పుడే తిని బయల్దేరాం" అన్నాడంటే టీతో పాటు కాఫీ, మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు అన్నీ ఒక్క మాటతో వద్దన్నట్టే. ఇంత పని చేసిన ఆ "గీ"కి విడిగా అర్థమేమీ లేదు. ఏ నిఘంటువులోనూ దానికి చోటు లేదు.

ఇలా మాట వెనకే నీడలా వచ్చే మాటల్ని భాషావేత్తలు ప్రతిధ్వని పదాలంటారు. కాఫీ గీఫీ, పులి గిలి, అన్నం గిన్నం, డబ్బూ గిబ్బూ. తెలుగువాళ్లు రోజూ లెక్కలేనన్ని పుట్టిస్తారు, ఒక్కటీ దాచుకోరు. వీటిని ఎవరూ బడిలో నేర్చుకోరు. అయినా మూడేళ్ల పిల్ల కూడా "బొమ్మా గిమ్మా" అంటుంది గానీ "బొమ్మా గీమ్మా" అనదు. అంటే వెనక గట్టి నియమమే ఉందన్నమాట.

నియమం ఇది. మాటలోని మొదటి అక్షరాన్ని తీసేసి, ఆ చోట "గి" గానీ "గీ" గానీ పెట్టాలి. మిగతాది ఉన్నదున్నట్టు ఉంచాలి. తీసేసిన అక్షరంలో అచ్చు పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. పులిలో పు పొట్టిది, అందుకని గిలి. పాములో పా పొడుగుది, అందుకని గీము. చెట్టుకు గిట్టు, మేకకు గీక. అచ్చు ఏదైనా ఫరవాలేదు, పొడుగు మాత్రం తప్పకూడదు. ఐ, ఔలు కూడా పొడుగు లెక్కే: పైసా గీసా, ఐస్‌క్రీం గీస్‌క్రీం. మాట అచ్చుతోనే మొదలైతే ఆ అచ్చే పోతుంది: ఇల్లూ గిల్లూ, ఆకలీ గీకలీ, ఉద్యోగం గిద్యోగం. మొదటి అక్షరంలో రెండు మూడు హల్లులు కలిసి ఉంటే అన్నీ కలిసే పోతాయి. ప్రేమా గీమా అంటారు గానీ ప్రేమా గ్రీమా అనరు. స్కూలుకు గీలు, జ్వరానికి గిరం. పక్కన సున్నా ఉంటే అది కదలదు, కంప్యూటర్ గింప్యూటర్ అవుతుంది.

ఈ లెక్కన పాపం టీకే అన్యాయం జరిగింది. ఉన్నదే ఒక్క అక్షరం, అది కాస్తా పోతే మిగిలేది గీ ఒక్కటే. బహుశా అందుకే చాలామంది "టీలూ గీలూ" అని బహువచనం చేసి కాస్త ఒళ్లు తెప్పిస్తారు.

వీటిని జంట పదాలతో కలపకూడదు. ఇల్లూ వాకిలీ, చెట్టూ చేమా, పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, నగా నట్రా లాంటివి ఎప్పుడో తయారై స్థిరపడినవి. వాటిని నేర్చుకుని వాడాల్సిందే, కొత్తది కట్టడం కుదరదు. చెట్టుకు చేమ ఉంది గదా అని మొక్కకు ఇంకో చేమ తగిలించలేం. గి అలా కాదు. నిన్న మొన్న వచ్చిన మాటకైనా అప్పటికప్పుడు అతుక్కుంటుంది. వాట్సాప్ వచ్చిన మర్నాటికే వాట్సాపూ గీట్సాపూ, ఆధార్ కార్డు చేతికి రాగానే ఆధారూ గీధారూ. ఒక మాట తెలుగువాళ్ల నోట్లో ఇమిడిందో లేదో చూడాలంటే దానికి గి తగులుతుందేమో చూస్తే చాలు.

అచ్చంగా నియమాన్నే పాటిస్తే ఒక్కోసారి తమాషాలు జరుగుతాయి. బట్టలు గిట్టలు అంటాం. గిట్టలంటే నిజానికి పశువుల కాలి గిట్టలు. "బట్టలూ గిట్టలూ సర్దుకున్నావా?" అని తల్లి అడిగితే ఏ కొడుకూ గిట్టల కోసం వెతుక్కోడు. పులి గిలిలోని గిలికి భయమనే అర్థం ఉంది, అదీ ఎవరికీ తట్టదు. కానీ "రాతా గీతా" దగ్గర మాత్రం తికమకే. నుదుటి రాతకు గీత తోడు రావడం సహజం. మరి అక్కడ గీత అంటే గీసిన గీతా, ఉత్త ప్రతిధ్వనా? "నా తలరాతా గీతా ఏం బాగా లేదు" అన్నవాణ్ణి ఆపి అడిగినా చెప్పలేడు.

అసలు చిక్కు గి, గీలతోనే మొదలయ్యే మాటలకు వస్తుంది. గిన్నెకు ప్రతిధ్వని కట్టబోతే మళ్లీ గిన్నే వస్తుంది. "గిన్నె గిన్నె" అంటే ఒక్కో గిన్నె అని అర్థం మారిపోతుంది. గిఫ్టు, గిరాకీ, గీత, అన్నింటిదీ ఇదే గతి. అక్కడికి రాగానే జనం నియమాన్ని పక్కన పెట్టి "గిన్నెలూ అవీ", "గిఫ్టులూ అవీ" అని దాటేస్తారు.

గి అంటే "మొదలైనవి" అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ మొదలైనవేమిటో తేల్చేది సందర్భం. "ఈ టైములో బస్సూ గిస్సూ దొరుకుతుందా?" అన్నప్పుడు అందులో ఆటో ఉంది, జీపు ఉంది, విమానం లేదు. డాక్టరు "జ్వరం గిరం ఏమైనా వచ్చిందా?" అని అడిగితే ఒళ్లు వెచ్చబడటం, చలి, నలత చెప్పుకోవచ్చు, మోకాలి నొప్పి మాత్రం వేరే చెప్పుకోవాలి.

"లేదు", "వద్దు" పక్కన పడేసరికి ఇదే గి గొంతు మారుస్తుంది. పండక్కి ఊరెళ్తానన్న కుర్రాడితో పైవాడు "సెలవూ లేదు గిలవూ లేదు, పనికి రా" అన్నాడనుకోండి. అక్కడ సెలవు లాంటి ఇతర సదుపాయాల ప్రసక్తే లేదు. నీ సెలవు మాటకు నేనిచ్చే విలువ ఇంతే అని చెప్పడం. జంటను విడదీసి, క్రియను రెండుసార్లు పలకడంలో ఆ విసురు ఇంకాస్త పెరుగుతుంది. "పెళ్లీ గిళ్లీ నాకొద్దు", "ప్రేమా గీమా జాన్తా నై" లాంటివన్నీ ఈ కోవలోవే.

క్రియలకు తగిలినప్పుడు ఇంకో రంగు. "వాడు వస్తే గిస్తే నాకు ఫోన్ చెయ్యి" అంటే వస్తాడన్న నమ్మకం అంతంతమాత్రమే. "పడితే గిడితే ఎవరు చూస్తారు?" అన్న అమ్మమ్మ మాటలో పడకపోవచ్చుననే ఆశ, పడితే ఎట్లా అనే దిగులు రెండూ ఉన్నాయి. ఇక్కడ గిస్తేను "రావడం మొదలైనవి" అని విప్పితే నవ్విపోతారు.

ఇంగ్లీషులో ఈ పని చేసే ముక్క ఒక్కటంటూ లేదు, చోటును బట్టి మాట మారుతుంది. టీ ఇవ్వబోతూ అడిగేవాళ్లు "టీ ఆర్ సమ్‌థింగ్" అంటారు. లేదని చెప్పేటప్పుడు అదే "టీ ఆర్ ఎనీథింగ్" అవుతుంది. సామాను పోగేసి చెప్పాలంటే "టీ అండ్ స్టఫ్". మన దక్షిణాదివాళ్ల ఇంగ్లీషులో వినిపించే "టీ అండ్ ఆల్" ఈ గీని అక్కడికి మోసుకుపోయినట్టే ఉంటుంది. వెటకారానికి మాత్రం అమెరికావాళ్లకు అచ్చం మన పద్ధతి లాంటిదే ఒకటుంది. యూదుల యిడ్డిష్ భాష నుంచి వాళ్లకు అబ్బిన "ష్మ" అది. గొప్పలు పోయేదాన్ని "ఫాన్సీ ష్మాన్సీ" అని తీసిపారేస్తారు. కాకపోతే ష్మకు ఎగతాళి ఒక్కటే చేతనవును, దాంతో చుట్టానికి టీ ఇవ్వలేరు.

అటునుంచి ఇటు కుదరనిదీ ఉంది. "హీ ఈజ్ ఫార్టీ ఆర్ సమ్‌థింగ్" అంటే అటూ ఇటూగా నలభై అని. దాన్ని "ఆయనకు నలభై గిలభై" అంటే తెలుగులో వయసు అంచనా కాదు, వయసును కొట్టిపారేయడం. అంచనా చెప్పాలంటే మనకు "నలభయ్యో యాభయ్యో", "ఓ నలభై ఉంటాయేమో" ఉన్నాయి. మతి పోయిందా అని కసిరేటప్పుడు మాత్రం రెండు భాషలూ ఒకే దారిన నడుస్తాయి. ఇంగ్లీషువాళ్లు "ఆర్ యూ మ్యాడ్ ఆర్ సమ్‌థింగ్?" అనేచోట మనం "పిచ్చీ గిచ్చీ పట్టిందా?" అంటాం.

గి మన సొంత ఆస్తేమీ కాదు. కన్నడిగులకు హులి గిలి ఉంది, తమిళులకు పులి కిలి ఉంది. ఉత్తరాదికి వెళితే అక్షరం మారుతుంది, అలవాటు మారదు. హిందీవాళ్ల చాయ్ వాయ్, పంజాబీల చా షా, బెంగాలీల చా టా అన్నీ టీ గీలే. దీన్ని పట్టించుకున్న పండితుల్లో మర్రే ఎమెనో ముందు వరసలోని వాడు. నీలగిరుల్లోని తోడా భాషలో ప్రతిధ్వని పదాల మీద ఆయన 1938లో వ్యాసం రాశారు. ఆ తర్వాత 1992లో అన్వితా అబ్బీ దక్షిణాసియా భాషల్లో మాటల్ని జంట చేసే పద్ధతులన్నిటి మీదా ఒక పుస్తకమే తెచ్చారు. రెండు వేర్వేరు కుటుంబాల భాషలు ఇరుగుపొరుగున బతికి ఒకే అలవాటు పంచుకున్నాయనడానికి ఇలాంటి పదాలు మంచి సాక్ష్యాలు.

ఇంత చనువుగల మాట గనుకే దీన్ని ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. "డాక్టరూ లేడు గీక్టరూ లేడు" అని ఆస్పత్రి గుమ్మంలో విసుక్కోవచ్చు గానీ డాక్టరు ఎదుట అనలేం. మనిషి పేరుకు గి తగిలిస్తే తిట్టినంత పని. అందుకే దరఖాస్తుల్లో, పత్రికల వార్తల్లో ఇది కనిపించదు. కథల్లో సంభాషణలొచ్చే చోటే దీనికి అనుమతి.

తెలంగాణలో దీనికి ఇంకో తోడు కూడా ఉంది. అక్కడ "చాయ్ గీయ్ తాగుతవా?" అనీ అడుగుతారు, "చాయ్ గిట్ల తాగుతవా?" అనీ అడుగుతారు. "ఇట్లా"ను గిట్ల అనే మాట్లాడే తీరులో ఆ గిట్ల "లాంటివి" అనే పనికీ వస్తుంది. "పైసలు గిట్ల ఉన్నయా?", "ఫోన్ గిట్ల చేసిండా?" ఇది ముందున్న మాట అక్షరాల్ని ముట్టుకోదు, ఏ మాట వెనకైనా మారకుండా నిలబడుతుంది. కోస్తాలో గిన్నెల దగ్గర తడుముకుని "అవీ" అని దాటెయ్యాల్సి వచ్చినచోట, కరీంనగర్ ఇల్లాలు "గిన్నెలు గిట్ల కడిగినవా?" అని తడుముకోకుండా అడిగేస్తుంది.