రూటర్‌కు ఇంట్లో చోటెక్కడ?

ఫైబర్ కనెక్షన్ ఇచ్చే టెక్నీషియన్ కేబుల్‌ను కిటికీ పక్క కన్నంలోంచి లోపలికి లాగి, అక్కడే టీవీ వెనక రూటర్ పెట్టి వెళ్తాడు. చాలా ఇళ్లలో అది ఇంటికి ఒక మూల. సిగ్నల్‌లో పెద్ద భాగం వీధి పాలవుతుంది, వెనక పడగ్గదిలో వీడియో మాటిమాటికీ ఆగిపోతుంది.

మూడు పడగ్గదుల ఫ్లాట్ ఒకటి ఊహించుకుందాం. ముందు హాలు, నడుమ డైనింగ్, దాన్ని ఆనుకుని వంటగది, అక్కడి నుంచి పడగ్గదులకు సన్నటి నడవా. హాలు మూలన ఉన్న రూటర్ నుంచి వెనక గదికి తిన్నగా గీత గీస్తే అది వంటగది గోడను, ఫ్రిజ్‌ను, బాత్‌రూమ్ గోడలు రెండింటినీ దాటాలి. ఫ్రిజ్, ఇనప బీరువా, పెద్ద అద్దం వంటివి సిగ్నల్‌ను వెనక్కి కొడతాయి. గోడను ఏటవాలుగా దాటడం మరీ నష్టం. తొమ్మిదంగుళాల ఇటుక గోడను 60 డిగ్రీల వాలులో దాటే తరంగానికి అది పద్దెనిమిది అంగుళాల గోడ. అందుకే దూరం కన్నా ముందు, దారిలో ఎన్ని గోడలున్నాయో చూడాలి.

ఈ ఫ్లాట్‌లో తగిన చోటు డైనింగ్, నడవా కలిసే దగ్గర. అక్కడి నుంచి హాలుకు అడ్డేమీ లేదు, పడగ్గదులకు ఒక్కో గోడే అడ్డం. ఐదారడుగుల ఎత్తున, తలుపుల్లేని అరలో పెట్టి యాంటెనాలను నిలువుగా ఉంచాలి. నిలువు యాంటెనా సిగ్నల్‌ను ఎక్కువగా చుట్టూ పక్కలకే పంపుతుంది. అదే అంతస్తులోని గదులకు కావలసింది అదే.

గోడకు మేకు కొట్టేముందు కొలిచి చూసుకోవడం మంచిది. ఫోన్‌లో వై-ఫై ఎనలైజర్ తరహా యాప్ వేసుకుని, 5 GHz నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయి, మంచం మీద, చదువుకునే బల్ల దగ్గర, అంటే నిజంగా ఫోన్ వాడే చోట్ల, తలుపులు మూసి రీడింగ్ చూడాలి. అది dBmలో, మైనస్ గుర్తుతో వస్తుంది. -50 చాలా బాగున్నట్టు, -67 దాకా వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, -80 దగ్గర తెగిపోతుంటుంది. పది అంకెల తేడా అంటే సిగ్నల్ బలంలో పదింతల తేడా. హాలులో -40 నుంచి -52కి తగ్గినా, వెనక గదిలో -81 నుంచి -66కి మెరుగైతే ఆ మార్పు లాభమే. హాలులో ఆ తగ్గుదల ఎవరికీ తెలియదు.

ఇక కేబుల్ సంగతి. ఫైబర్‌ను సొంతంగా లాగకూడదు, గట్టిగా వంచితే లోపలి గాజు పోగు విరగవచ్చు. పాత పెట్టెను ఉన్నచోటే వదిలి, దాని నుంచి క్యాట్-6 కేబుల్‌ను గోడ అంచున నడిపించి, కొత్త చోట వేరే రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవచ్చు. ఆ కేబుల్ వంద మీటర్ల దాకా పనికొస్తుంది. పాత పెట్టెలో వై-ఫై ఆపేస్తే ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడదు.

కాంక్రీటు స్లాబు అడ్డొచ్చే డూప్లెక్స్ ఇంట్లో మాత్రం ఒక్క రూటర్‌తో సరిపెట్టాలని చూడకుండా, పై అంతస్తుకు కేబుల్ తీసుకెళ్లి రెండోది పెట్టడమే మేలు.