చెవితమ్మె మీద గాటు

చందూర్ వైపు ఊళ్లలో కుష్టును పేరుపెట్టి పిలవడానికి జంకుతారు. ‘పెద్దరోగం’ అంటారు, అదీ గొంతు తగ్గించి. రాజా నర్సాగౌడ్ విరాళంతో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి పెట్టినప్పటి నుంచి ఈ ప్రాంతంలో స్పర్శ లేని మచ్చ పట్టుకుని ఎందరో ఆ దారి పట్టారు.

కుష్టు క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే చూశాడు. క్షయ క్రిమి కోడిగుడ్డు కలిపిన గట్టి మేత మీద పెరుగుతుంది. దాని చుట్టమైన ఇది మాత్రం ఇప్పటిదాకా ఏ మేత మీదా పెరగలేదు. ఎందుకో 2001లో దీని జన్యుపటం విప్పాక తెలిసింది. పనిచేసే జన్యువులు 1,600 దాకా ఉంటే, చెడిపోయి పడి ఉన్నవి 1,100కు పైగా. మన కణాల్లో కూర్చుని తినడం మరిగి, సొంతంగా వండుకునే సామానంతా పారేసుకుందన్నమాట. ఒక్కటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు. ఎలుక అరికాల్లో పెంచొచ్చని షెపర్డ్ 1960లో చూపాడు గానీ, దానికి నెలలు పడుతుంది.

పెంచి చూసే దారి లేదు కాబట్టి, ఉన్నచోటే వెతికి లెక్కపెట్టాలి. ఒంట్లో చల్లగా ఉండే భాగాలంటే దీనికి ఇష్టం. అందుకే మచ్చతో పాటు చెవితమ్మె. చర్మాన్ని రెండు వేళ్లతో నెత్తురు దిగిపోయి తెల్లబడేదాకా గట్టిగా పట్టి, 5 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోతు గాటు పెడతారు. బ్లేడును అడ్డంగా తిప్పి లోపలి అంచును గీకి, ఆ రసాన్ని గాజుపలక మీద పూస్తారు. పట్టు సడలితే నెత్తురు కలిసి పూత పాడవుతుంది. తర్వాత ఎర్రరంగు, ఆమ్లంతో కడగడం, నీలిరంగు. నీలి నేల మీద ఎర్ర కడ్డీలు మిగిలితే అదే క్రిమి. క్రిములు తక్కువున్న రోగిలో ఒక్కటీ దొరకదు. అందుకని రోగం లేదనుకోకూడదు.

ఒక చెరకు రైతు అనుకుందాం. పూతల్లో కనబడ్డ క్రిముల లెక్కను మెట్లుగా వేస్తే, రెండు చెవితమ్మెల్లో 4+ చొప్పున, ఒక మచ్చలో 3+, ఇంకోదాంట్లో 1+. మొత్తం 12, నాలుగుతో భాగిస్తే సూచిక 3. ఇందులో ఒక్కో మెట్టు దిగితే క్రిములు పదో వంతుకు తగ్గినట్టు. ఏడాది మందులు మింగాక చూస్తే సూచిక 2. ‘మందు పనిచేయలేదు, ఇంకా ఉన్నది’ అని ఇంట్లో ఏడుపు. ఎన్నో ఇళ్లలో కంచం వేరు పడేది ఈ పరీక్ష కాగితంతోనే. కానీ చచ్చిన క్రిమి కూడా రంగు పట్టుకుంటుంది. ఒంట్లోంచి దాని శవం తొలగడానికే ఏళ్లు పడుతుంది. సూచిక ఏడాదికి ఒక మెట్టు దిగుతుందంతే. బతికున్నదానికీ చచ్చినదానికీ తేడా చెప్పగలిగేది అలవాటుపడ్డ కన్ను, అదీ కొంతవరకే. నిండుగా ఎర్రబడ్డ కడ్డీ బతికున్నది కావచ్చు. పూసల్లా తెగినది చచ్చినట్టే.

సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి ల్యాబ్ మనిషి ఆ రైతుతో అనాల్సిన మాట ఇంతే: “తునకలే ఉన్నయి పెద్దాయనా, నిండు కడ్డీ ఒక్కటి కనవడలే.”