మిల్లీసెకను మాట తప్పితే

నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిన చిన్న డీసీ మోటారు ఒకటుంది. దాని ఇరుసుకు బిగించిన ఎన్‌కోడర్ చుట్టుకు 2000 పల్సులు ఇస్తుంది. మోటారు మీద భారం పెరిగినా తగ్గినా వేగం మాత్రం 3000 దగ్గరే నిలవాలి. అందుకోసం ఒక ప్రోగ్రాము ప్రతి మిల్లీసెకనుకూ మేల్కొని, ఎన్ని పల్సులు వచ్చాయో చూసి, ఉండాల్సిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా కట్టి, మోటారుకిచ్చే వోల్టేజిని ఆ మేరకు సవరిస్తుంది. ఇంజనీర్లు కంట్రోల్ లూప్ అనేది దీన్నే.

3000 చుట్లంటే సెకనుకు 50 చుట్లు, లక్ష పల్సులు. మిల్లీసెకనుకు సరిగ్గా 100. ఒకసారి ప్రోగ్రాము 0.3 మిల్లీసెకను ఆలస్యంగా లేచిందనుకుందాం. ఈలోగా 130 పల్సులు వచ్చేస్తాయి. తాను ఆలస్యమైన సంగతి ప్రోగ్రాముకు తెలియదు. గడిచింది ఒక్క మిల్లీసెకనే అన్న లెక్కతో వేగం 3900కి ఎగబాకిందనుకొని వోల్టేజి తగ్గిస్తుంది. తర్వాతిసారి వేళకే లేస్తే మధ్యలో గడిచింది 0.7 మిల్లీసెకనే, వచ్చినవి 70 పల్సులే. వేగం 2100కి పడిపోయిందనుకొని ఈసారి వోల్టేజి పెంచుతుంది. నిజానికి మోటారు మొదట ఏ వేగంతో ఉందో ఆ వేగంతోనే తిరుగుతోంది. లేని తప్పును దిద్దబోయి ప్రోగ్రామే దాన్ని కుదుపుతోంది. లేచే వేళలోని ఈ హెచ్చుతగ్గులకు జిట్టర్ అని పేరు.

ఇదే లూపును రెండు చోట్ల నడపవచ్చు. ఒకటి బ్లూ పిల్ అని పిలిచే చౌక బోర్డు. అందులో 72 మెగాహెర్ట్జ్‌తో నడిచే STM32F103 మైక్రోకంట్రోలర్ ఉంటుంది. రెండోది లైనక్స్ నడిచే రాస్ప్‌బెర్రీ పై 4. అందులో 1.5 గిగాహెర్ట్జ్ కోర్లు నాలుగు. వేగమే కొలత అయితే పోటీయే లేదు. కానీ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఎంత త్వరగా లెక్క చేస్తుందని కాదు, అనుకున్న క్షణానికి ఎంత కచ్చితంగా లేస్తుందని.

మైక్రోకంట్రోలర్‌లో లేపే పని టైమర్‌ది. అది ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా తనంతట తాను లెక్కపెట్టుకుంటూ పోయే సర్క్యూట్.

```c
TIM2->PSC = 71;    // 72 MHz / 72 = 1 MHz
TIM2->ARR = 999;   // 0..999: 1000 us
```

మొదటి వరుసతో టైమర్ మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది. రెండో వరుసతో వెయ్యి లెక్కలకోసారి సున్నాకు వచ్చి ఇంటరప్ట్ పంపుతుంది. ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా దాన్ని ఆపి, రిజిస్టర్లను భద్రపరచి, మన ఫంక్షన్‌లోకి దూకుతుంది. కార్టెక్స్ ఎం3 కోర్‌కు ఇందుకు పట్టేది మామూలుగా 12 క్లాక్ సైకిళ్లు, అంటే మైక్రోసెకనులో ఆరో వంతు. ఫ్లాష్ మెమరీ కాస్త నిదానించినా మరికొన్ని సైకిళ్లు కలుస్తాయంతే. ఫంక్షన్ లోపల ఎంత సేపు పట్టినా టైమర్ లెక్క ఆగదు కాబట్టి ఒకసారి జరిగిన ఆలస్యం తర్వాతి వేళల్లోకి పాకదు.

అలాగని ఇక్కడ తప్పులు జరగవని కాదు. అందరూ చేసేది ఇంటరప్ట్ ఫంక్షన్‌లోనే సీరియల్ పోర్టుకు ఒక వరుస రాయడం. 115200 బాడ్ దగ్గర ఒక్కో అక్షరానికి పది బిట్లు పోతాయి. 40 అక్షరాల వరుస పూర్తిగా వెళ్లేదాకా ఆగితే మూడున్నర మిల్లీసెకన్లు. ఈ మధ్యలో టైమర్ మూడుసార్లు పిలుస్తుంది, హార్డ్‌వేరు వాటిలో ఒక్క పిలుపునే గుర్తుపెట్టుకుంటుంది, తక్కినవి చడీచప్పుడు లేకుండా పోతాయి. దీన్ని పట్టుకునే ఉపాయం తేలికైనదే. ఫంక్షన్ మొదట్లో ఒక పిన్నును పైకెత్తి, చివర దించి, ఆ పిన్నుకు ఆసిలోస్కోప్ తగిలిస్తే చాలు. పల్సు వెడల్పు పనికి పట్టే కాలం, పల్సుకూ పల్సుకూ ఎడం లూపు కాలం. మధ్యలో ఒక పల్సు కనిపించకపోతే ఆ పిలుపు పోయినట్టే.

లైనక్స్ సంగతి వేరు. అక్కడ మన ప్రోగ్రాము వందల ప్రోగ్రాముల్లో ఒకటి. టైమర్ మోగినా, కెర్నల్ ఆ క్షణాన నెట్‌వర్క్ ప్యాకెట్‌తోనో ఎస్‌డీ కార్డుతోనో తలమునకలై ఉంటే మన వంతు ఆగుతుంది. మామూలుగా ఈ ఆలస్యం పదుల మైక్రోసెకన్లే. బరువైన పనులు మీద పడ్డప్పుడు మిల్లీసెకన్లకూ వెళ్లవచ్చు. సగటు చూసి మురిసిపోతే మోసపోతాం, మోటారును కుదిపేది ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ పెద్ద ఆలస్యమే.

కొత్తగా రాసేవారు లూపు చివర `usleep(1000)` పెడతారు. లూపు పనికి 100 మైక్రోసెకన్లు పట్టిందనుకుందాం. నిద్ర 1000. దానిపై కెర్నల్ మామూలు ప్రోగ్రాములకు తీసుకునే సడలింపు 50 దాకా ఉంటుంది. మొత్తం 1150 అయితే సెకనుకు వెయ్యిసార్లు తిరగాల్సిన లూపు 870 సార్లే తిరుగుతుంది. కాబట్టి ఇంతసేపు పడుకుంటానని కాక, ఫలానా క్షణానికి లేపమని చెప్పాలి.

```c
t.tv_nsec += 1000000;
if (t.tv_nsec >= 1000000000) {
    t.tv_nsec -= 1000000000;
    t.tv_sec++;
}
clock_nanosleep(CLOCK_MONOTONIC,
                TIMER_ABSTIME, &t, NULL);
```

దీంతో ఆలస్యాలు పోగుపడవు. జిట్టర్ మాత్రం మిగులుతుంది. దాన్ని తగ్గించడానికి ప్రోగ్రాముకు `SCHED_FIFO` ప్రాధాన్యం ఇస్తారు, `mlockall` పిలిచి దాని మెమరీని ర్యామ్‌లోనే నిలుపుతారు. ఇంకా కావాలంటే కెర్నల్‌నే మార్చాలి. రెండు దశాబ్దాలు విడి ప్యాచ్‌గా పెరిగిన PREEMPT_RT 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నల్‌తో అసలు లైనక్స్‌లో భాగమైంది. ఇది కెర్నల్ సొంత పనుల్ని కూడా చాలావరకు మధ్యలో ఆపగలిగేలా చేస్తుంది. దాంతో రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు మీద అతి పెద్ద ఆలస్యం సాధారణంగా వంద మైక్రోసెకన్ల చుట్టుపక్కలకు దిగుతుంది. ఎవరి బోర్డు సంగతి వారు `cyclictest -m -p 80 -i 1000` నడిపి చూసుకోవచ్చు. తెర మీద చూడాల్సింది Avg కాదు, Max. అదీ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఎస్‌డీ కార్డు మీద రాతలూ నెట్‌వర్క్ రద్దీ సాగుతున్నప్పుడు, గంటల తరబడి.

గడిచిన కాలాన్ని ప్రతిసారీ గడియారం చూసి కొలుచుకుంటే సరిపోదా? చాలావరకు సరిపోతుంది. 130 పల్సులను 1.3తో భాగిస్తే మళ్లీ 100 వస్తుంది, లేని వేగం కనిపించదు. కానీ సవరణ ఆలస్యమైన మాట అలాగే ఉంటుంది. పది మిల్లీసెకన్లు ఆగితే, ఆ మధ్య భారం పడినా మోటారు పాత వోల్టేజితోనే నడుస్తుంది. సెకనుకోసారి ఉష్ణోగ్రత దిద్దే కొలిమికి అది లెక్కలోకి రాదు. రెండు చక్రాల మీద నిలబడే రోబోకు మాత్రం తట్టుకోవడం కష్టం.

అందుకే తెలిసినవారు పనిని పంచుతారు. త్రీడీ ప్రింటర్లను నడిపే క్లిప్పర్ దీనికి చక్కని ఉదాహరణ. తల ఎటు ఎంత వేగంతో కదలాలన్న బరువైన గణితమంతా రాస్ప్‌బెర్రీ పై మీది లైనక్స్ ముందుగానే చేస్తుంది. ఏ స్టెప్పు ఏ క్షణాన పడాలో మైక్రోకంట్రోలర్ గడియారం ప్రకారమే రాసి పంపుతుంది. ఆ క్షణం వచ్చినప్పుడు మోటారును కదిపేది మైక్రోకంట్రోలర్. కాబట్టి లైనక్స్ కొన్ని మిల్లీసెకన్లు తడబడినా ప్రింటు మీద గీత పడదు. లైనక్స్ మరీ వెనకబడి, గడిచిపోయిన క్షణానికి ఆజ్ఞ పంపితే మైక్రోకంట్రోలర్ దాన్ని ఆలస్యంగా అమలు చేయదు, ప్రింటునే ఆపేస్తుంది. తెర మీద `Timer too close` అని కనిపిస్తుంది. అప్పుడు వెతకాల్సిన చోటు మోటారు కాదు, పై మీద ఆ సమయంలో ఇంకేం నడుస్తోందన్నది.