మెసేజ్‌లకు జవాబిచ్చే గంటలు ఎవరి లెక్కలో?

"నెలకి ఎనిమిది రీల్స్, నాలుగు పోస్టులు. ఎంత తీసుకుంటావమ్మా?"

మంగళగిరిలో చేనేత చీరల దుకాణం నడిపే పెద్దాయన అడిగారు. విజయవాడ నుంచి బస్సెక్కి వచ్చిన ఫ్రీలాన్సర్ అమ్మాయి మనసులోనే లెక్క కట్టింది. మొత్తం పన్నెండు, ఒక్కోదానికి వెయ్యి. "పన్నెండు వేలు సార్" అంది. ఆయన మారుమాట లేకుండా సరేనన్నారు. చీరల వ్యాపారి బేరమాడకుండా ఒప్పుకున్నాడంటే ధర తక్కువ చెప్పానేమోనని ఆ అమ్మాయికి అప్పుడే అనుమానం రావాల్సింది.

ఈ దుకాణం, ఈ అమ్మాయి లెక్క వివరించడానికి అల్లుకున్న ఉదాహరణ. సోషల్ మీడియా పేజీలు చూసిపెట్టే పనిలో కొత్తగా దిగినవాళ్లు చాలామంది మొదటి ధర ఇలాగే చెబుతారు. పోస్టుకు ఇంత అన్న పద్ధతి ఒకప్పుడు సరిపోయేది. ఫోన్‌తో ఫొటో తీసి, దుకాణం పేరు అతికించి, రెండు వాక్యాలు రాస్తే పని అయిపోయేది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, జులైలో, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. దుకాణాలన్నీ వీడియోకు మళ్లాయి. ఒక పోస్టు వెనుక షూటింగ్, ఎడిటింగ్, పాట వెతుక్కోవడం వచ్చి చేరాయి. పని పెరిగినా ధర కట్టే పద్ధతి మాత్రం చాలామందికి పాతదే మిగిలింది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది గంట ధర. ఇది దుకాణదారుకు చెప్పేది కాదు, తన దగ్గర పెట్టుకోవాల్సిన తూకంరాయి. ఆ అమ్మాయికి నెలకు చేతిలో 40,000 రూపాయలు మిగలాలి. ఇంటర్నెట్, డిజైన్ యాప్‌ల చందా, బస్సు ఛార్జీలు, ఫోన్, లాప్‌టాప్‌ల అరుగుదల కలిపి మరో 8,000 ఖర్చు. మొత్తం 48,000. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 200 గంటలు. ఈ 200 గంటలకూ డబ్బు రాదు. కొత్త ఖాతాదారులను వెతకడం, కొటేషన్లు రాయడం, రావాల్సిన బాకీ కోసం ఫోన్లు చేయడం, కొత్త యాప్ నేర్చుకోవడం, వీటికి ఎవరూ చెల్లించరు. ఇవి పోగా 120 గంటలు మిగిలాయనుకుంటే, 48,000ను 120తో భాగించాలి. గంటకు 400 రూపాయలు. 200తో భాగించి గంటకు 240 అనుకున్నవాళ్లు నెల తిరిగేసరికి తమ ఖర్చులకే చాలక ఇబ్బంది పడతారు.

ఇప్పుడు మంగళగిరి పనిని గంటల్లోకి మార్చి చూద్దాం. నెలకు రెండుసార్లు దుకాణానికి వెళ్లి షూటింగ్ చేయడానికి, దారిలో పోయే సమయంతో కలిపి 8 గంటలు. ఎనిమిది రీల్స్ ఎడిటింగ్‌కు ఒక్కోదానికి గంటన్నర చొప్పున 12. నాలుగు పోస్టుల డిజైన్‌కు 4. ఏ రోజు ఏది పెట్టాలో రాసుకుని, వాక్యాలు సిద్ధం చేసి, షెడ్యూల్ చేయడానికి 4. నెలాఖరు నివేదికకు 2. ఇవన్నీ 30 గంటలు. గంటకు 400 చొప్పున సరిగ్గా 12,000. అంటే ఆ అమ్మాయి అంచనా ఇంతవరకూ తప్పలేదు.

తప్పింది తర్వాత. రీల్ కింద "ప్రైస్ ప్లీజ్" అని ఒకరు, "హైదరాబాద్‌కి పంపుతారా?" అని మరొకరు, "ఇదే చీర ఆకుపచ్చలో ఉందా?" అని ఇంకొకరు అడుగుతారు. ఆకుపచ్చ చీర ఉందో లేదో తెలియాలంటే దుకాణానికి ఫోన్ చేయాలి. అక్కడి అబ్బాయి బీరువా చూసి చెప్పేదాకా ఆగాలి. రోజుకు అరగంట అనుకున్నా 26 రోజులకు 13 గంటలు. ఇక పెద్దాయన నుంచి రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో మాట వస్తుంది: "అమ్మా, ఆ పాట తీసేసి మొన్న రిలీజైన సినిమా పాట పెట్టు." వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ అన్ని సినిమా పాటలూ ఇవ్వదు. ఆ సంగతి ఆయనకు విడమరిచి చెప్పి, ఇంకో పాట వెతికి, రీల్‌ను ఆ తాళానికి మళ్లీ కత్తిరించాలి. ఇలాంటి మార్పులకు, ఫోన్లకు నెలకు 6 గంటలు. మొత్తం 49 గంటలు, 19,600 రూపాయల పని. పన్నెండు వేలకు ఒప్పుకున్న అమ్మాయికి గంటకు దక్కింది 245.

మరి గంటల లెక్కనే బిల్లు వేయొచ్చు కదా? కొన్ని పనులకు అదే సరైనది. ఇప్పటికే ఉన్న పేజీని చూసి లోపాలు చెప్పడం, దుకాణం అబ్బాయికి రెండు పూటలు నేర్పడం లాంటి ఒకసారితో అయిపోయే పనులకు గంట ధర బాగుంటుంది. నెలనెలా సాగే పనికి మాత్రం అది ఇద్దరికీ ఇబ్బందే. ఈ ఏడాది గంటన్నర పట్టిన రీల్‌ను చేయి తిరిగాక వచ్చే ఏడాది ముప్పావుగంటలో ముగిస్తే, పనితనం పెరిగినందుకు ఆదాయం సగానికి పడిపోతుంది. దుకాణదారుకేమో ఈ నెల బిల్లు ఎంతొస్తుందో తెలియదు. పైగా "అరగంట ఫోన్ మాట్లాడినందుకు కూడా డబ్బులా?" అన్న మాట పడాల్సి వస్తుంది.

ఇంగ్లిష్‌లో రిటైనర్ అనే నెలవారీ ఒప్పందం ఇక్కడ అక్కరకొస్తుంది. మన ఇళ్లలో పాలకు నెల వాడుక పెట్టుకున్నట్టే ఇదీ. రోజుకు ఎన్ని లీటర్లో ముందే అనుకుంటాం, చుట్టాలొచ్చిన రోజు అదనపు పాలకు వేరే కడతాం. ఒప్పందంలో కూడా అదే ఉండాలి. ఎన్ని రీల్స్, ఎన్ని పోస్టులు, ఒక్కోదానికి ఎన్నిసార్లు మార్పులు, మెసేజ్‌లకు ఏ వేళల్లో జవాబు, ఇవన్నీ అంకెల్లో రాసుకోవాలి. మార్పులు రెండుసార్లు, మెసేజ్‌లు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు అని ఉంటే రాత్రి పదిన్నర వాట్సాప్‌కు పొద్దున జవాబిచ్చినా ఎవరూ నొచ్చుకోరు. డబ్బు నెల మొదట్లోనే, 5వ తేదీలోపు రావాలి. మానుకోవాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం ముందు అదనపు రీల్స్ తప్పవు కాబట్టి వాటి ధరా ఇప్పుడే రాసుకోవాలి. షూటింగ్‌తో కలిపి ఒక రీల్‌కు రెండున్నర గంటలు పడితే 1,000, అప్పటికప్పుడు కావాలంటే 1,500.

ఈ పద్ధతిలో రెండోసారి ధర చెప్పినప్పుడు ఆ అమ్మాయి 20,000 అంది. ఈసారి పెద్దాయన బేరానికి దిగారు.

"మా బామ్మర్ది కొడుకు ఎనిమిది వేలకే చేస్తానంటున్నాడమ్మా. నువ్వు పదిహేను చేసుకో."

"పదిహేను లోపే చేస్తాను సార్. మెసేజ్‌లకు జవాబులు మీ షాపు అబ్బాయి ఇస్తే పద్నాలుగు వేల ఐదు వందలు చాలు. చీర ఉందో లేదో అతనికే కదా తెలిసేది."

ధర పెట్టడంలో నేర్చుకోవాల్సిన కిటుకు ఇదే. ఆ అమ్మాయి డబ్బు తగ్గించలేదు, పని తగ్గించింది. 49 గంటల్లోంచి మెసేజ్‌ల 13 గంటలు తీసేస్తే మిగిలేవి 36, వాటి విలువ 14,400. ఆమె గంట ధర చెక్కు చెదరలేదు. అదే పనికి ఊరికే ఐదు వేలు తగ్గించి ఉంటే, మొదట చెప్పిన ఇరవైలో ఐదు వేలు గాలి ధర అని తానే ఒప్పుకున్నట్టయ్యేది. అలా తగ్గించుకున్న ధరను మళ్లీ పెంచడం చాలా కష్టం.

ఇక అమ్మకాల మీద వాటా. దుకాణదారులు చాలామంది దీన్నే ముందు పెడతారు: "జీతం తక్కువ తీసుకో, అమ్మకాల్లో కమిషన్ ఇస్తా." ఇందులో జాగ్రత్త అవసరం. రీల్ చూసి వంద మంది అడిగినా చీర నిల్వ లేకపోతే, కొరియర్ ఆలస్యమైతే, పక్క దుకాణంలో రెండు వందలు తక్కువకు దొరికితే అమ్మకం జరగదు. వీటిలో ఏదీ ఫ్రీలాన్సర్ చేతిలో లేదు. అందుకని వాటా ఎప్పుడూ నెల మొత్తానికి అదనంగానే ఉండాలి. ఆ మొత్తంలో కోత పెట్టి ఇచ్చేది కాకూడదు. ఫాలోవర్ల సంఖ్యకు బోనస్ కట్టడం కూడా మంచిది కాదు. ఉచిత బహుమతి ప్రకటిస్తే చీర కొనే ఉద్దేశం లేనివాళ్లు వేలమంది వచ్చి చేరతారు.

లెక్కించదగినది ఇన్‌స్టాగ్రామ్ ద్వారా వచ్చి, డబ్బు చెల్లించి, తిరిగి రాని ఆర్డర్. అది ఎంతకు మించితే వాటా మొదలవుతుందన్నదే చిక్కుముడి. ఈ వేసవిలో నెలకు సగటున లక్ష రూపాయల ఆర్డర్లు వచ్చాయనుకుందాం. దసరా నెలలో రెండున్నర లక్షలు వచ్చాయి. పెరిగిన లక్షన్నర మీద 5 శాతం అంటే 7,500. కానీ దసరాకు చీరలు ఎలాగూ అమ్ముడవుతాయి. నిరుడు ఇదే నెలలో లక్షా డెబ్బై ఐదు వేల ఆర్డర్లు వచ్చి ఉంటే, నిజంగా పెరిగింది 75,000. దాని మీద వాటా 3,750. నిరుటి ఇదే నెలతో పోల్చడమే న్యాయం. అమ్మాయికి ఇప్పుడు సగమే వచ్చినా, పండగ వెళ్లాక అమ్మకాలు పడిపోయే నెలల్లో ఆ కొలతే ఆమెకు అండగా నిలుస్తుంది. దుకాణదారు కూడా ఆ అంకెను నమ్ముతారు.

ప్రకటనల డబ్బు ఈ రెంటిలోనూ కలవకూడదు. 10,000 రూపాయల ప్రకటన వేస్తే 18 శాతం జీఎస్టీతో 11,800 అవుతుంది. అది దుకాణం కార్డు నుంచే నేరుగా పోవాలి. ఫ్రీలాన్సర్ తన కార్డుతో కట్టి తర్వాత వసూలు చేసుకుందామనుకుంటే ఆ బాకీ నెలల తరబడి నిలిచిపోయే ప్రమాదముంది. ప్రకటనలు నడిపినందుకు రుసుమును ఖర్చులో శాతంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. చిన్న దుకాణాలకు మాత్రం స్థిరమైన మొత్తమే నయం. శాతం లెక్కలో దుకాణం ఎంత ఎక్కువ ఖర్చుపెడితే సలహా ఇచ్చేవాళ్లకు అంత లాభం కాబట్టి, "ఇంకో ఐదు వేలు పెట్టండి" అన్న సలహాను దుకాణదారు అనుమానించక తప్పదు.

ఇంత చేసినా ఒప్పందం మెల్లగా జారిపోతుంది. "ఒక్క స్టోరీయే కదా", "పెళ్లి కార్డుకు చిన్న డిజైన్" అంటూ పని పేరుకుపోతుంది. అది కనిపించేది గంటలు రాసుకున్న పుస్తకంలోనే. ఇరవై వేల ఒప్పందం మీద మూడో నెల 65 గంటలు పట్టిందని తేలితే గంటకు వచ్చింది దాదాపు 308 రూపాయలు. అప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లి దుకాణదారుకు చూపించాలి. అదనంగా పట్టిన 16 గంటల పనిని ఆపేయడమా, దానికి 6,400 కలపడమా అన్నది ఆయన్నే తేల్చమనాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, ఒక్క ఖాతాదారుకైనా, ప్రతి ఫోన్‌నూ ప్రతి మార్పునూ నిమిషాలతో సహా రాసి చూడండి.